మెయిల్ టెంప్లేట్‌ని అసలు డేటాతో పరీక్షించండి

ప్రశ్న: "మా యాప్ నుంచి వెళ్లే మెయిల్స్ జీమెయిల్‌లో ఒకలా, ఔట్‌లుక్‌లో ఇంకోలా కనిపిస్తున్నాయి. పేర్లు, పట్టికలు కస్టమర్‌ని బట్టి మారుతుంటాయి. ఏ ఫ్రేమ్‌వర్క్ వాడాలి? ఎంజేఎంఎల్ సరిపోతుందా?"

ఎంజేఎంఎల్ వాడండి, మంచిదే. ఔట్‌లుక్ కోసం రాయాల్సిన టేబుళ్ల గొడవ చాలావరకు అదే చూసుకుంటుంది. కానీ నాకు దెబ్బ తగిలింది లేఅవుట్ దగ్గర కాదు, అందులో నింపిన డేటా దగ్గర. అదే చెబుతాను.

నేను మధురవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం నడిపే ఒక వ్యాపారికి మెయిల్ వ్యవస్థ కట్టాం. బోటు ఒడ్డుకొచ్చి సరుకు అమ్ముడయ్యాక, బోటు యజమానికి లెక్క మెయిల్‌లో వెళ్లాలి. ఒక్కో లాటుకి ఒక్కో వరుస: చేప రకం, బరువు, ధర, కొన్నవారి పేరు, ఐసు, కూలీ, కమిషన్ కోతల వివరం. అన్నిటి కిందా చేతికొచ్చే మొత్తం. భాష యజమాని ఇష్టం, తెలుగు గానీ ఇంగ్లీషు గానీ.

దీన్ని మేం మే నెలలో కట్టాం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి హార్బర్‌లో మర బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. అసలు లెక్కలు ఎక్కడినుంచి వస్తాయి? మేమే అయిదు వరుసలు కల్పించి, పేరు దగ్గర 'టెస్ట్ యూజర్' అని పెట్టి, అన్నిచోట్లా బాగుందని సంతకం చేయించేసుకున్నాం. నిషేధం ఎత్తేశాక బోట్లు నిండుగా తిరిగొచ్చాయి. ఒక యజమాని గుమస్తా ఫోన్ చేశాడు. "ఏటి బాబూ, చేపలన్నీ రాశారు గానీ మొత్తం ఎక్కడా రాయలేదేటి?"

నా దగ్గర అదే లెక్క తెరిస్తే మొత్తం కనిపిస్తోంది. ఇంగ్లీషు ఎంచుకున్న మరో యజమానికి కూడా సరిగ్గా 80 లాటులే, ఆయనకీ ఇబ్బంది లేదు. రెండు రోజులు సర్వర్ లాగులు చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆ గుమస్తా ఫోన్‌లో మెయిల్ స్క్రీన్‌షాట్ తెప్పించుకుంటే, అట్టడుగున చిన్న అక్షరాల్లో `[Message clipped]` అని ఉంది.

హెచ్‌టీఎంఎల్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది చూపించదు. ఈ సంగతి మాకు తెలియక కాదు. పంపేముందు `len(html)` లక్ష దాటుతోందా అని చూసే కోడ్ నేనే రాశాను. తప్పు అక్కడే జరిగింది. పైథాన్‌లో ఆ లెక్క అక్షర సంకేతాలది, బైట్లది కాదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగుకి మాత్రం అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా, ఒక్కొక్కదానికీ మూడేసి బైట్లు. 'మొత్తం' అనే మాటలో ఇవి ఆరుంటాయి, అంటే 18 బైట్లు.

ఆ మెయిల్ లెక్క చూడండి. మొత్తం 78,000 సంకేతాలు, నా కోడ్ దృష్టిలో పూర్తిగా సురక్షితం. అందులో తెలుగు 16,000: వరుసకి దాదాపు 150 చొప్పున 80 వరుసలకి 12,000, కింద నిబంధనలు ఇంకో 4,000. ఒక్కొక్కదానికి రెండు బైట్లు అదనంగా పడితే 32,000 పెరిగి 1,10,000 బైట్లయింది. 102 కేబీ అంటే 1,04,448 బైట్లే. అందుకే తెలుగులో చదివే మనిషికి మాత్రమే మొత్తం తెగిపోయింది. వినియోగదారుడి భాషలో సేవ అందిస్తున్నామని చెప్పుకుంటూ, ఆ భాష కోరిన మనిషినే ఇబ్బంది పెట్టామని నాకు చాలా బాధేసింది.

ఇప్పుడు ఇలా ఉంది:

```python
total = sum(r.net for r in rows)
html = render(rows, total)
if len(html.encode("utf-8")) > 90 * 1024:
    html = render(rows[:25], total)
```

మొత్తాన్ని అన్ని వరుసల మీదా ముందే లెక్కకట్టాలి, లేకపోతే 25 వరుసల మొత్తమే వెళ్తుంది. హద్దు 90 దగ్గర పెట్టడానికి కారణం, మెయిల్ పంపే సర్వీసు మన లింకుల్ని తన ట్రాకింగ్ లింకులుగా మార్చినప్పుడు సైజు పెరుగుతుంది. మిగతా వరుసలకి వెబ్ పేజీ లింక్ ఇచ్చాం. పీడీఎఫ్ జతచేద్దామనుకున్నాం గానీ మేం ప్రయత్నించిన లైబ్రరీ వత్తుల్ని అక్షరం కింద కాక పక్కన పెట్టేస్తోంది. తెలుగు సరిగ్గా రాయలేని లైబ్రరీలతో ఇంకా ఎన్నాళ్లు వేగాలో. అన్నిటికంటే ఉపయోగపడిన మార్పు మాత్రం కోడ్‌లో లేదు. చేతికొచ్చే మొత్తాన్ని మెయిల్ పైకి తెచ్చాం. యజమాని మొదట చూసేది అదే కదా.

ఇంకో మాట. పరీక్షించేటప్పుడు ఒకే సబ్జెక్ట్‌తో పది మెయిల్స్ పంపితే, ముందు వచ్చినదాంట్లో ఉన్న భాగాన్ని జీమెయిల్ మూడు చుక్కల వెనక దాచేస్తుంది. దాన్ని చూసి క్లిప్ అయిందని ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాం. క్లిప్ అయితే పైన చెప్పిన ఆ మాట ఉంటుంది, దాస్తే చుక్కలే ఉంటాయి. సబ్జెక్ట్‌లో టైమ్ చేర్చి పంపితే ఈ అయోమయం ఉండదు.

ఇక ఔట్‌లుక్. వేలం ఆఫీసు అకౌంట్స్‌లో విండోస్ మీద పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్ ఉంది. అది 2007 నుంచి మెయిల్‌ని వర్డ్ ఇంజిన్‌తో గీస్తుంది. అక్కడ 'మొత్తం' కాస్తా 'మొతం' అయి కూర్చుంది, కింది వత్తు సగానికి తెగిపోయి. మా డిజైనర్ ఎక్కడో ఇంగ్లీషు టెంప్లేట్ నుంచి తెచ్చిన లైన్ ఇదీ:

```css
font-size:16px; line-height:18px; mso-line-height-rule:exactly;
```

`exactly` అంటే ఆ 18 పిక్సెల్స్ దాటిన భాగాన్ని వర్డ్ చూపించదు. ఇంగ్లీషుకి ఆ ఎత్తు సరిపోతుంది. పైన గుడి, కింద వత్తు ఉన్న తెలుగుకి సరిపోదు. ఆ రూల్ తీసేసి, ఎత్తు 26 పిక్సెల్స్ చేశాం. ఫాంట్ దగ్గర `Nirmala UI` అని రాశాం, విండోస్‌లో తెలుగుకి అది ఉంటుంది. బ్రౌజర్ ఈ రూల్‌ని పట్టించుకోదు కాబట్టి ప్రివ్యూలో ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. ఆ ఔట్‌లుక్ ఉన్న కంప్యూటర్ దగ్గరికెళ్లి కళ్లతో చూడాల్సిందే.

ఇప్పుడు మా దగ్గర 'టెస్ట్ యూజర్' లేడు. ఆ సీజన్‌లో వచ్చిన లెక్కల్లో అన్నిటికంటే పొడవైనదాన్ని తీసుకుని, పేర్లు మార్చి, తెలుగులోనే దాచుకున్నాం. దానితోపాటు ఒక్క లాటు కూడా అమ్ముడుపోని బోటు లెక్క ఒకటి, యజమాని పేరు ఖాళీగా ఉన్నది ఒకటి. పేరు లేకపోతే 'బోటు యజమాని గారికి' అని వెళ్తుంది. టెంప్లేట్‌లో చిన్న కామా మార్చినా ఈ మూడూ ఆండ్రాయిడ్ జీమెయిల్‌కి, ఒక ఐఫోన్‌కి, ఆ అకౌంట్స్ కంప్యూటర్‌కి వెళ్తాయి. అకౌంట్స్‌లో ఉన్న మేడమ్ తెరిచి చూసి 'మొత్తం'లో వత్తు ఉందని ఫోన్ చేస్తేనే లైవ్‌లో పెడతాం.