డ్యాష్‌బోర్డులో అమ్మకం ఉంది, ప్యాకింగ్ బల్ల మీద ఆర్డర్ లేదు

ప్రశ్న: మా ఆన్‌లైన్ షాపు డ్యాష్‌బోర్డులో పర్చేజ్‌లు రోజురోజుకీ పెరుగుతున్నాయి. ప్యాకింగ్ వాళ్లేమో అంత సరుకు కదలడం లేదంటున్నారు. కొంత తేడా మామూలే అంటున్నారు, నిజమేనా? ఎక్కడని వెతకాలి?

జవాబు:

మామూలే అని నేనూ 16 రోజులు అనుకున్నాను. తర్వాత పర్లాకిమిడి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది.

మాది బరంపురంలో అప్పడాలు, వడియాలు, పచ్చళ్ల వ్యాపారం. దుకాణం పాతదే, ఆన్‌లైన్ మాత్రం ఈ మధ్య మొదలైంది. మార్కెటింగ్ హెడ్ అని నాకు పేరే గానీ, ప్రకటనలు పెట్టేదీ నేనే, ఫొటోలు తీసేదీ నేనే. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి కదా, 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు గీత ఇవతల ఉండిపోయిన వాళ్లు. వాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ, ఒడియాలో ఒక పేజీ, ఇంగ్లిష్‌లో ఒకటి పెట్టాం. వేసవిలో కొత్త ఆవకాయ వచ్చాక తెలుగు ప్రకటన అందుకుంది. పెట్టిన రూపాయికి నాలుగున్నర రూపాయల అమ్మకం చూపిస్తోంది డ్యాష్‌బోర్డు. పొద్దున్నే టీ తాగుతూ ఆ ఆకుపచ్చ గీత పైకి పోవడం చూస్తుంటే, నిజం చెప్పాలంటే, దుకాణంలోకి వెళ్లి ఎవరినీ ఏమీ అడగాలనిపించేది కాదు.

ప్యాకింగ్ చూసే అక్క మాత్రం ఒకసారి అంది, "నువ్వు చెప్పినన్ని డబ్బాలు నా బల్ల మీదికి రావట్లేదు తమ్ముడూ" అని. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. థాంక్యూ పేజీని ఎవరైనా రెండోసారి తెరిస్తే ఒక అమ్మకం రెండుగా లెక్కపడుతుంది, ప్రకటనలు ఆపే యాప్ పెట్టుకున్న వాళ్ల అమ్మకం అసలు లెక్కపడదు, అందుకే రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు అని చెప్పాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అక్కకి అర్థం కాలేదు, నాకు అర్థమైందని నేననుకున్నాను.

ఇక ఆ ఫోన్. "బాబూ, ఆవకాయ రెండు కిలోలు, మినప అప్పడాలు పది కట్టలు. డబ్బులు కట్టి పదకొండు రోజులైంది. మా అమ్మాయి పురిటికొచ్చింది, దాని కోసం తెప్పించుకుంటున్నాను. మీ దుకాణానికి రెండుసార్లు చేస్తే ఆర్డర్ నంబరు చెప్పమంటున్నారు, నాకు నంబరే రాలేదు కదా!" అంది. కౌంటర్‌లో కుర్రాడు కొండల మీదికి కొరియర్ ఆలస్యమవుతుందమ్మా, ఆగండి అని సర్దిచెప్పాడట. వాడి తప్పేం లేదు, నంబరు లేకపోతే వాడికి వెతకడానికి ఇంకేమీ లేదు. రెండో ఫోన్‌లో ఆవిడ పెద్దవాళ్లతో మాట్లాడించమని పట్టుబడితే నా నంబరు ఇచ్చాడు. అన్ని రోజులూ ఫిర్యాదులు నా దాకా ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లో యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంటుంది చదవమన్నాను. పన్నెండు అంకెలు, ఒక్కొక్కటే, మధ్యలో కళ్లజోడు వెతుక్కుని మళ్లీ మొదటి నుంచి చదివింది. పేమెంట్ గేట్‌వే పేజీలో కొట్టి చూస్తే డబ్బు మనకి వచ్చేసింది, captured అని ఉంది. మా ఆర్డర్ల పట్టికలో అదే ఫోన్ నంబరు కొడితే సున్నా. ఆవిడ పేరు కూడా వెతుకుదామని ఇంగ్లిష్‌లో ఏ స్పెల్లింగ్ రాశారమ్మా అని అడిగాను. "ఇంగ్లిష్ ఎందుకు బాబూ, మీ పేజీ తెలుగులోనే ఉంది కదా, మైకు నొక్కి పేరు చెప్పాను, తెలుగులోనే పడింది" అంది.

ఫోన్ పెట్టేసి నలభై రూపాయల అప్పడాల కట్ట రెండుసార్లు కొన్నాను. మొదటిసారి నా పేరు ఇంగ్లిష్‌లో రాశాను, ఆర్డర్ వచ్చింది. రెండోసారి తెలుగులో రాశాను, డబ్బు పోయింది, థాంక్యూ పేజీ వచ్చింది, ఆర్డర్ మాత్రం రాలేదు. డ్యాష్‌బోర్డులో రెండూ పడ్డాయి.

ఎందుకలా అంటే, మా డ్యాష్‌బోర్డు లెక్కపెట్టేది ఆర్డర్లని కాదు, థాంక్యూ పేజీ తెరుచుకోవడాన్ని. డబ్బు కట్టగానే కస్టమర్ ఫోన్‌లో ఆ పేజీ వస్తుంది, అక్కడి చిన్న కోడ్ ప్రకటనల కంపెనీకి 'పర్చేజ్' అని కబురు పంపుతుంది. ఆర్డర్ మా పట్టికలోకి రావడం వేరే దారి. గేట్‌వే మా సర్వర్‌కి విడిగా ఒక కబురు పంపుతుంది, దాన్నే వెబ్‌హుక్ అంటారు, అది అందాక మా కోడ్ పేరు, అడ్రసు, సరుకు పట్టికలో రాస్తుంది. మొదటి దారి బాగానే ఉంది, రెండోది తెగిపోయింది. తెగిందని మొదటిదానికి తెలిసే వీలే లేదు.

విశాఖలో ఉండే మా కంప్యూటర్ కుర్రాడు లాగ్ ఫైల్ తెరిస్తే ఇదే లైను వరసగా ఉంది:

```
ERROR 1366 (HY000): Incorrect string value:
'\xE0\xB0\xB8\xE0\xB1\x80...' for column 'customer_name' at row 1
```

కంప్యూటర్‌కి తెలుగు అక్షరం, దాని మీది గుడి, కొమ్ము లాంటి గుర్తు ఒక్కొక్కటీ విడిగా మూడు బైట్లు, E0 B0 లేదా E0 B1తో మొదలవుతుంది. ఒడియా అయితే E0 AC, E0 AD. పై లైనులో ఉన్నది 'సీ', అంటే స, దాని గుడి దీర్ఘం కలిపి ఆరు బైట్లు. మా పట్టికని ఎప్పుడో ఎవరో ఇంగ్లిష్ లాంటి భాషల కోసం చేసిన latin1 అనే అక్షరాల పద్ధతిలో తయారుచేశారు, అందులో మన అక్షరాలు పట్టవు. మరి అంతకుముందు తెలుగు ఆర్డర్లు ఎలా వచ్చాయి? అక్కని అడిగితే చెప్పింది, "పేరు దగ్గర అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చేవి, నేనే ఫోన్ చేసి అడ్రసు కనుక్కుని రాసుకునేదాన్ని. ఈ మధ్య అలాంటివి రావట్లేదు, బాగుచేశారేమో అనుకున్నా."

బాగుచేయలేదు, సర్వర్ మార్చాం. మా పట్టిక ఉండే డేటాబేస్ పేరు మైఎస్‌క్యూఎల్, పాత సర్వర్‌లో అది పట్టని అక్షరం వస్తే ???? అని రాసి ఊరుకునేది. దాని 5.7 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, పట్టని అక్షరం ఒక్కటి ఉన్నా మొత్తం వరసనే వద్దంటుంది. అది మంచి పద్ధతే, మా ఖర్మకి మా కోడ్ ఆ గొడవని లాగ్‌లో పడేసి నోరు మూసుకుంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మా కోడ్ వెబ్‌హుక్ అందగానే గేట్‌వేకి 200, అంటే అందింది అని జవాబు ఇచ్చేసి, ఆ తర్వాత పట్టికలో రాసేది. 200 రాకపోతే గేట్‌వే కొంతసేపు మళ్లీ మళ్లీ పంపుతుంది. మేమే అందిందని చెప్పాక అది ఎందుకు పంపుతుంది?

లెక్క తేల్చడానికి గేట్‌వే నుంచి 16 రోజుల పేమెంట్ల ఫైలు దించి payments అనే పట్టికలో వేసి ఇది నడిపాం:

```sql
SELECT p.payment_id, p.amount, p.phone
FROM payments p
LEFT JOIN orders o ON o.payment_id = p.payment_id
WHERE p.status = 'captured'
  AND o.payment_id IS NULL;
```

డ్యాష్‌బోర్డులో 1,036. గేట్‌వేలో డబ్బు వచ్చినవి 1,011. పట్టికలో 874. మొదటి రెండింటికీ ఉన్న 25 తేడా నేను అక్కకి చెప్పిన మామూలు తేడా. రెండోదానికీ మూడోదానికీ ఉన్న 137 మాత్రం డబ్బు తీసుకుని సరుకు పంపని ఆర్డర్లు. అక్కడ ఒక్కటి తేడా వచ్చినా అది మామూలు కాదు. నేను చేసిన పొరపాటు ఈ రెండు తేడాలనీ ఒకే గాటన కట్టడం. ఆ 137లో 133 తెలుగులోనో ఒడియాలోనో రాసినవి. మిగతా నాలుగూ ఇంగ్లిష్‌వే, కానీ డెలివరీ నోట్‌లో 🙏 పెట్టారు, latin1లో అదీ పట్టదు. దండం పెట్టిన పాపానికి పచ్చడి అందలేదు వాళ్లకి.

ఇంకో సంగతి, ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. తెలుగు ప్రకటన బాగా అమ్ముతోందని ఆ 16 రోజుల్లో ఇంగ్లిష్ దాని డబ్బు రెండుసార్లు తగ్గించి తెలుగు దానికి ఎక్కించాను. అంటే ఆర్డర్లు పోయే పేజీకి జనాన్ని ఇంకా ఎక్కువ తోలాను.

మా అదృష్టం, ఫారంలో రాసిన పేరు, అడ్రసు, సరుకు గేట్‌వే దగ్గర నోట్స్‌లో ఉండిపోయాయి. నేనూ అక్కా కౌంటర్ కుర్రాడూ కూర్చుని అందరికీ ఫోన్లు చేశాం. 96 మంది సరుకే పంపమన్నారు, 29 మంది డబ్బు అడిగారు, 12 మంది ఎత్తలేదు, వాళ్లకీ డబ్బు తిప్పి పంపేశాం. గుణుపురంలో ఒకాయన తిట్టిన తిట్లు అక్క ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

మరమ్మతు పెద్దది కాదు. ముందు బ్యాకప్ తీసుకుని, తర్వాత:

```sql
ALTER TABLE orders
  CONVERT TO CHARACTER SET utf8mb4
  COLLATE utf8mb4_unicode_ci;
ALTER TABLE orders
  ADD UNIQUE KEY (payment_id);
```

మొదటిది తెలుగు, ఒడియా అక్షరాలూ 🙏 కూడా పట్టేలా పట్టికని మారుస్తుంది. రెండోది ఎందుకంటే, ఇప్పుడు పట్టికలో రాశాకే 200 పంపుతున్నాం కాబట్టి గేట్‌వే ఒకే కబురు రెండుసార్లు పంపే సందర్భాలు ఉంటాయి, ఆ కట్టు లేకపోతే ఒకే ఇంటికి రెండు డబ్బాలు వెళతాయి. అలాగే థాంక్యూ పేజీలో ఆర్డర్ నంబరు వచ్చాకే పర్చేజ్ కబురు వెళ్లేలా మార్చాం. కాస్త ఆలస్యమవుతుంది, పరవాలేదు.

కాబట్టి మీరు డ్యాష్‌బోర్డుతో గోదాముని పోల్చకండి, ఏమీ తేలదు. గేట్‌వేలో వచ్చిన డబ్బునీ ఆర్డర్ల పట్టికనీ పేమెంట్ ఐడీతో కలిపి చూడండి. పై క్వెరీ ఖాళీగా వస్తే అక్కడ పోలేదన్నమాట, అప్పుడు పట్టిక నుంచి కొరియర్ దాకా ఉన్న ముక్క చూసుకోండి. క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే వాటికి ఇది పనికిరాదు, పేమెంటే లేదు కదా. వాటికి సర్వర్ యాక్సెస్ లాగ్‌లో ఆర్డర్ ఫారం ఎన్నిసార్లు పంపారో లెక్కపెట్టి పట్టికతో సరిచూడాలి, అందులో రెండుసార్లు నొక్కినవీ ఉంటాయి కాబట్టి లెక్క అచ్చంగా కలవదు.

ఎక్కడైనా మొదలుపెట్టేది తెలియకపోతే మీ సొంత షాపులో చవకైన సరుకు ఒకటి కొనండి, పేరు తెలుగులో రాసి, చివర ఒక దండం పెట్టి.

పర్లాకిమిడి ఆవిడకి మర్నాడే బస్సులో పార్శిల్ పంపాం, ఒక గుమ్మడి వడియాల పొట్లం ఎక్కువ వేసి. సాయంత్రం ఫోన్ చేసింది, అందిందని చెప్పడానికేమో అనుకున్నాను. "అందింది గానీ బాబూ, ఈసారి ఆవకాయలో ఉప్పు ఎక్కువేశారు" అంది. షావుకారు గారికి చెబితే, 137 ఆర్డర్లు పోయాయన్నప్పుడు కూడా అంత కోపం రాలేదు ఆయనకి.