ఉగాదికి మేడ్చల్‌లో సెలవు, నోయిడాలో షిఫ్టు: కోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో చేస్తుంటే నోయిడా ప్లాంటుకు బదిలీ చేశారు. ఉగాదికి మేడ్చల్ ప్లాంటుకు సెలవు, చెన్నై ప్లాంటుకూ సెలవు. మాకు మాత్రం మామూలు షిఫ్టు. ఆ రోజు రాలేదని ఒక రోజు జీతం కోశారు. ఒకే కంపెనీ, ఒకే పండగ. ఇది వివక్ష కాదా? కేసు వేయొచ్చా?

జవాబు: వివక్ష అనే వాదనతో వెళ్తే కేసు నిలబడదు. అయితే కోసిన జీతం సంగతి వేరు, అందులో చూడాల్సింది ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మన దేశంలో ఫలానా పండగకు అందరికీ సెలవు ఇవ్వాలని చెప్పే చట్టం ఏదీ లేదు. సెలవు అనేది ఒక అధికారి తన పరిధిలో ఉన్నవాళ్లకు ఇచ్చే ఉత్తర్వు. రాష్ట్ర ప్రభుత్వం తన ఆఫీసులకు ఇచ్చుకుంటుంది, కేంద్రం తన ఉద్యోగులకు ఇచ్చుకుంటుంది. బ్యాంకుల సెలవులు మాత్రం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద వస్తాయి. చెక్కులు, ప్రామిసరీ నోట్ల చట్టానికీ పండగలకూ సంబంధం ఏమిటని అనిపించొచ్చు. నోటు గడువు తీరే రోజు బ్యాంకు మూసి ఉంటే డబ్బు ఎప్పుడు కట్టాలన్న పేచీ వస్తుంది. అందుకే ఆ చట్టంలో 25వ సెక్షన్ పెట్టారు. గడువు పబ్లిక్ హాలిడే నాడు పడితే దానికి ముందున్న పనిదినమే గడువుగా లెక్క. ఏ రోజు పబ్లిక్ హాలిడేనో గెజిట్‌లో ప్రకటించే అధికారం కేంద్రానిది. దాన్ని కేంద్రం 1957లోనే రాష్ట్రాలకు అప్పగించింది. అప్పటి నుంచి ఎవరి జాబితా వాళ్లదే.

2024 ఏప్రిల్ 9, మంగళవారం ఉగాది. ఆ రోజు రిజర్వు బ్యాంకు జాబితా చూస్తే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, పణజి, ఇంఫాల్, జమ్మూ, శ్రీనగర్‌లలో బ్యాంకులకు సెలవు. ఢిల్లీ, లక్నోలలో తెరిచే ఉన్నాయి. అలాగని సెలవు ఇచ్చినవాళ్లంతా ఉగాదికే ఇచ్చారనుకోకండి. ముంబైలో అది గుడి పాడ్వా, ఇంఫాల్‌లో మణిపురీల చెయిరావోబా, జమ్మూలో మొదటి నవరాత్రి. తమిళనాడు జాబితాలో మాత్రం 'తెలుగు సంవత్సరాది' అనే పేరుతోనే ఉంటుంది. అక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు అంతమంది ఉన్నారు మరి. ఏ రాష్ట్రంలో ఎవరు ఎక్కువగా జరుపుకుంటారో, ఎవరు గట్టిగా అడిగారో ఆ జాబితాలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక మీ ఫ్యాక్టరీ సంగతి. సర్కారు ఆఫీసుకు సెలవు ఇచ్చినంత మాత్రాన ప్రైవేటు ఫ్యాక్టరీకి సెలవు రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కలెక్టరేటు మూస్తే కంపెనీ కూడా మూయాలనుకుంటారు. ఫ్యాక్టరీలకు రాష్ట్రాలు వేరే చట్టాలు చేసుకున్నాయి. మేడ్చల్ ప్లాంటుకు వర్తించేది ఉమ్మడి రాష్ట్రంలో 1974లో వచ్చిన చట్టం. ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. అందులో జాతీయ సెలవులతో పాటు కొన్ని పండగ సెలవులు కూడా తప్పనిసరి. చెన్నై ప్లాంటుకు తమిళనాడు 1958 చట్టం. అక్కడ కూడా జాతీయ సెలవులు పోను కొన్ని పండగలకు సెలవు ఇవ్వాలి, ఏయే పండగలన్నది యాజమాన్యం, కార్మికులు మాట్లాడుకున్నాక ఖరారవుతుంది. మీ చెన్నై వాళ్లకు ఉగాది అలా దక్కి ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో పారిశ్రామిక సంస్థల కోసం 1961లో చేసిన చట్టం జాతీయ సెలవులకే పరిమితం. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 ఇచ్చేస్తే ఆ చట్టం కింద యాజమాన్యం బాధ్యత తీరిపోయినట్టే. అంటే నోయిడాలో ఉగాదికే కాదు, హోలీకి కూడా సెలవు ఈ చట్టంలోంచి రాదు. అది ఒప్పందంలోంచో, స్టాండింగ్ ఆర్డర్లలోంచో, ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీలోంచో రావాలి.

వివక్ష అంటారా, రాజ్యాంగం 14వ అధికరణం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది గానీ ప్రైవేటు కంపెనీని కాదు. పోనీ ప్రభుత్వం మీదే వేద్దామన్నా, ఒక రాష్ట్రం చట్టం ఇంకో రాష్ట్రం చట్టంలా లేదన్న కారణంతో దాన్ని కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 1954లోనే, మధ్యప్రదేశ్ ప్రభుత్వానికీ మండావర్‌కూ మధ్య నడిచిన కరువు భత్యం కేసులో తేల్చేసింది. సూటిగా సెలవు మీదే వచ్చిన తీర్పూ ఉంది. దాద్రా నగర్ హవేలీలో ఆగస్టు 2ను విమోచన దినంగా ఏళ్ల తరబడి సెలవు ఇచ్చి ఆపేస్తే ఒకాయన బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. పబ్లిక్ హాలిడే ఎవరికీ హక్కు కాదని, అసలు మనకు సెలవులు ఎక్కువైపోయాయని 2022 జనవరిలో ఆ కోర్టు చెప్పి పంపేసింది. రెండో మాటతో నాకు పేచీ ఉంది, కానీ తీర్పు తీర్పే.

మీ చేతిలో ఉన్న దారి కాగితాల దారి. ముందు బదిలీ ఉత్తర్వు, నియామక పత్రం తీసి చదవండి. సెలవులు 'పని చేసే చోటి నిబంధనల ప్రకారం' అని ఉంటే మేడ్చల్ జాబితా మీకు వర్తించదు. చాలా కంపెనీలు ఈ వాక్యం పెడతాయి. అలా కాకుండా మేడ్చల్‌లో ఉన్న సెలవులు కొనసాగుతాయని రాసి ఉంటే అది ఒప్పందం, దాన్ని పట్టుకుని అడగొచ్చు. తర్వాత నోయిడా ప్లాంటు నోటీసు బోర్డు మీది పాత జాబితాలు చూడండి. గతంలో ఉగాదికి సెలవు ఇస్తూ ఉండి ఇప్పుడు తీసేశారా? అలా అయితే కార్మికుల విషయంలో 21 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సెలవుల షరతు మార్చకూడదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ రక్షణ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. ఎప్పుడూ ఇవ్వనే లేదంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

జీతం కోత గురించి. మీరు ముందే లీవు అడిగి, అది మంజూరై, ఖాతాలో లీవు ఉండి కూడా కోశారంటే అది తప్పు. పే స్లిప్పు, లీవు మంజూరు మెయిలు జతచేసి హెచ్‌ఆర్‌కు రాయండి, స్పందన లేకపోతే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయండి. మంజూరు లేకుండా ఆగిపోయి ఉంటే ఆ ఒక్క రోజు జీతం వరకు కోయడం చెల్లుతుంది. దానిపైన ఇంకా కోసి ఉంటే మాత్రం లెక్క అడగండి.

వచ్చే ఏడాదికి కావాలంటే డిసెంబరులో, సెలవుల జాబితా ఖరారు కాకముందే, యూనియన్ ద్వారా గానీ వర్క్స్ కమిటీ ద్వారా గానీ లిఖితపూర్వకంగా అడగండి. ఉగాదికి విడిగా సెలవు అడిగితే ఒప్పుకోవడం కష్టం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 14 తప్పనిసరి సెలవులు కాక, తమకు నచ్చిన రెండు రోజులు ఎంచుకునే వీలు ఉంది. ఆ పద్ధతినే మీ ప్లాంటులోనూ పెట్టమని అడిగితే మీరు ఉగాది తీసుకుంటారు, పక్కన పనిచేసే బీహారీ ఛఠ్ పూజ తీసుకుంటాడు. అలా ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన వినతిని తోసిపుచ్చడం యాజమాన్యానికి అంత తేలిక కాదు.