5201314 అంటే ఏంటి?

"షాంఘై ఫ్రెండ్ చాట్‌లో 5201314 అని పంపింది. ట్రాన్స్‌లేటర్‌లో పెడితే అవే అంకెలు తిరిగొస్తున్నాయి. నేను జవాబివ్వకపోతే 555 అంది. నవ్వుతోందా?"

అది సంఖ్య కాదు, శబ్దం. అందుకే ట్రాన్స్‌లేటర్‌కి చిక్కదు.

1. అంకెల్ని చైనీస్‌లో ఒక్కొక్కటిగా పైకి చదవండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. 520ని "ఐదొందల ఇరవై" అనుకుంటే ఏమీ తేలదు. 5 వూ, 2 అర్, 0 లింగ్. గబగబా అంటే "వో ఆయ్ నీ"కి దగ్గరగా వినిపిస్తుంది, అంటే "నిన్ను ప్రేమిస్తున్నా". అచ్చంగా కలవదు, స్వరాలూ వేరే. చైనావాళ్లు ఆ మాత్రం పోలికతోనే సరిపెట్టుకుంటారు.

2. మిగిలిన 1314 "యీ సాన్ యీ స్". "యీ షెంగ్ యీ ష్"కి పోలిక, అంటే "జీవితాంతం". ఇక్కడ 1ని యీ అనే చదవాలి. ఫోన్ నంబర్లలోలా "యావ్" అంటే పోలిక పోతుంది.

3. 555 నవ్వు కాదు, ఏడుపు: వూ వూ వూ. థాయ్‌లాండ్ వాళ్లు పంపితేనే నవ్వు, అక్కడ 5ని "హా" అంటారు. జపాన్‌లో 39 "సాన్ క్యూ", అంటే థాంక్యూ. కాబట్టి ముందు పంపినవాళ్ల భాష చూడండి.

స్నేహితుల మధ్య 520 సరదాకీ నడుస్తుంది. 1314 కూడా తగిలించిందంటే మాత్రం కాస్త సీరియస్సే. ముందు ఆమెకు జవాబివ్వండి.