డెమో డే సమ్మరీలో చేపల పెట్టె ముందు రావాలి

అమ్మడూ,

నువ్వు పంపిన సమ్మరీ రాత్రి రెండుసార్లు చదివాను. ఐఓటీ ఆధారిత, రియల్ టైమ్, స్మార్ట్ అంటూ మొదలుపెట్టావు. నేను జడ్జిగా కూర్చున్న ప్రతిసారీ బల్ల మీద ఇలాంటివే కుప్పలుగా ఉంటాయి, పైన పేరు చూడకపోతే ఏది ఎవరిదో తెలీదు. మీరు నలుగురూ తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, చేపలమ్మే ఆవిడ పెట్టెలో ప్రోబ్ పెట్టి, ఆటో వెంట ఊళ్లోకి తిరిగారు కదా, అది నాలుగో పేరాలో ఎక్కడో ఉంది. దాన్ని పైకి తీసుకురా. ఇలా ఉంటే చాలు:

"హార్బర్‌లో చేపలు కొని ఆటోలో తీసుకెళ్లే వ్యాపారికి పెట్టె మధ్యలో ఐసు కరిగిన సంగతి మూత తీసేదాకా తెలీదు. లోపల 4 డిగ్రీలు దాటగానే ఆవిడ ఫోన్‌కి మెసేజ్ పంపే పరికరం చేశాం. 6 ట్రిప్పుల్లో పెట్టి చూస్తే 2 ట్రిప్పుల్లో 4 డిగ్రీలు దాటింది."

ఎవరి ఇబ్బంది, ఏం చేశారు, ఏం తేలింది, ఈ మూడూ అయిపోయాక ESP32, DS18B20 సెన్సార్ గురించి రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

కానీ ఆ "2 ట్రిప్పులు" రాసేముందు ఒక పని ఉంది. మీ టేబుల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 85 డిగ్రీలని ఉంది. ఐసు పెట్టెలో 85 డిగ్రీలేమిటి? ఆ సెన్సార్‌కి కరెంటు అందాక మొదటి కొలత పూర్తికాకముందే చదివితే అది చూపే అంకె 85. ఆటో కుదుపులకి బ్యాటరీ వైరు ఒక్క క్షణం వదిలి మళ్లీ అతుక్కుని ఉంటుందని నా అనుమానం. సెన్సార్ వైరు పూర్తిగా ఊడితే మీరు వాడిన లైబ్రరీ -127 ఇస్తుంది, అదీ లాగ్‌లో వెతుకు. ఈ రెండూ తీసేసి సగటు మళ్లీ లెక్కకట్టు. అంతకంటే ముఖ్యం, ఆ రెండు ట్రిప్పుల్లో మెసేజ్ నిజంగా వేడెక్కడం వల్ల వెళ్లిందా, ఈ 85 వల్ల వెళ్లిందా చూడు. వేడెక్కితే అంకె మెల్లగా 3, 3.5, 4 అని పెరుగుతుంది, తప్పైతే ఒక్కసారిగా ఎగిరి మళ్లీ కిందికి దిగుతుంది. ఒక ట్రిప్పు అలా పోతే "1 ట్రిప్పులో" అనే రాయి, తప్పు రీడింగులు తీసేశామని కూడా రాయి. నీ బల్ల దగ్గరికి వచ్చే జడ్జిల్లో ఈ సెన్సార్ వాడినవాళ్లు ఒక్కరైనా ఉంటారు, ఆ 85 చూడగానే మిగతా అంకెలేవీ నమ్మరు.

మళ్లీ ట్రిప్పులు చెయ్యాలంటే ఈ వారమే చెయ్యండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మరబోట్లు కదలవు, మీ డెమో ఏప్రిల్ ఆఖర్లో.

ఖచ్చితత్వం గురించి తప్పకుండా అడుగుతారు. సెన్సార్ తేడా అర డిగ్రీ దాకా ఉండొచ్చు, అంటే 3.8 చూపిస్తే అసలు 4.3 ఉండొచ్చు. దంచిన ఐసులో కొంచెం నీళ్లు పోసి కలిపి, ప్రోబ్ అందులో అయిదు నిమిషాలు ఉంచి, సున్నాకి ఎంత దగ్గరగా చూపిస్తుందో రాసుకో. ఆ ఒక్క అంకె చెబితే చాలు. పెట్టెలో ఒక్క చోటే కొలుస్తున్నాం, పైపొర సంగతి తెలీదు అన్నది కూడా సమ్మరీ చివర్లో మీరే రాసెయ్యండి.

పిచ్ రెండు నిమిషాలే కాబట్టి స్లైడుతో మొదలుపెట్టొద్దు. ఐసు పెట్టెలోంచి ప్రోబ్ తీసి జడ్జి చేతికివ్వు, గుప్పిట్లో పట్టుకోమను, అంకె పెరుగుతుండగా ఆ వ్యాపారి సంగతి చెప్పు, నువ్వు చెబుతుండగానే మెసేజ్ రావాలి. ట్రిప్పుల్లో అయిదు నిమిషాలకోసారి చదివేలా పెట్టారు, అలాగే వదిలేస్తే మీ టైమ్ అయిపోయినా మెసేజ్ రాదు. డెమోకి రెండు సెకన్లకి మార్చి, మార్చామని చెప్పు. హాల్లో వైఫైని నమ్ముకోకు, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో ముందురోజే పరికరాన్ని కలిపి చూసుకో. అదీ పనిచెయ్యకపోతే ఒక ట్రిప్పు గ్రాఫ్ ప్రింటు తీసి పక్కన ఉంచుకో.

"మామూలు థర్మామీటర్ పెట్టుకోవచ్చు కదా" అని ఎవరో ఒకరు అంటారు. చూడాలంటే ప్రతిసారీ మూత తియ్యాలి, తీసినప్పుడల్లా చల్లదనం పోతుంది, అదే జవాబు. యాప్ ఫీచర్లన్నీ ఏకరువు పెట్టకు.

85లు తీసేసిన లాగ్ ఆదివారంలోగా పంపు. అసలు అంకె తేలాక మొదటి పేరా ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య