హెడ్‌లైట్ వేస్తే మసకబారే స్క్రీన్

ప్రశ్న: పాత కారులో ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాను. పగలు వానలో హెడ్‌లైట్ వేయగానే మసకబారిపోతోంది, మ్యాప్ కనబడట్లేదు. స్క్రీన్ పోయినట్టేనా?

పోలేదండీ. నేను విజయవాడలో ట్యాక్సీ నడుపుతాను. నాదీ పదేళ్లు దాటిన డీజిల్ బండి. ఈ మసక వల్లే ఒకసారి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కాల్సింది పోయి తిన్నగా హయత్‌నగర్ వైపు వెళ్లిపోయాను. కుండపోత వాన. వెనక సీట్లో శంషాబాద్‌లో ఫ్లైట్ అందుకోవాల్సిన పెద్దాయన. "బాబూ, మనం ఆ పక్కకి తిరగాలి కదా?" అని ఆయన అడిగేసరికే దాటేశాం. యూటర్న్ తీసుకుని వచ్చేదాకా ఇద్దరికీ టెన్షనే.

షాపులో చూపిస్తే, వెనకాల ఉన్న ఆరెంజ్ వైరు పీకేశారు. లైట్లు వెలిగాయని స్క్రీన్‌కి చెప్పేది ఆ వైరే. పగలు బాగానే ఉంది. ఆ రాత్రి సూర్యాపేట దాటాక తెలిసింది అసలు సంగతి. స్క్రీన్ ఫుల్ వెలుగు కళ్లలో కొడుతోంది, ముందు అద్దంలో దాని నీడ వేరే. మర్నాడే వైరు మళ్లీ కలిపించాను.

అసలు కిటుకు పార్కింగ్‌లో ఖాళీగా కూర్చున్నప్పుడు దొరికింది. సెట్టింగ్స్‌లో Brightness తెరిచి ఉంది. ఊరికే లైట్ల స్విచ్ ఒక క్లిక్ తిప్పాను, అంటే పార్కింగ్ లైట్లే. స్లయిడర్ దానంతటదే 80 నుంచి 15కి పడిపోయింది! స్విచ్ ఆపితే మళ్లీ 80. కనిపించేది ఒకటే స్లయిడర్, లోపల మాత్రం పగటికొకటి, రాత్రికొకటి అంకె దాచుకుంటోంది. ఇన్నాళ్లూ నేను లైట్లు ఆపి ఉన్నప్పుడు పెంచుతున్నాను, అందుకే వానలో ఫలితం లేదు. లైట్లు వేసి ఉంచి 45కి జరిపాను. అంతే.

మీరూ బండి ఆపి, లైట్లు వేసి చూడండి. స్లయిడర్ కదలకుండా స్క్రీన్ మాత్రం మసకబారితే ఆ సెట్టింగ్ Factory settings లోపల ఉండొచ్చు. దానికి పాస్‌వర్డ్ అడుగుతుంది, కంపెనీని బట్టి మారుతుంది, అమర్చినవాళ్లనే అడగండి. అక్కడ స్క్రీన్ ప్యానెల్ రకం మాత్రం ముట్టుకోకండి, తేడా వస్తే తెర మొత్తం నల్లబడొచ్చు. లైట్లతో సంబంధం లేకుండా వెలుగు మినుకుమినుకుమంటుంటే అది వేరే జబ్బు, ఎర్త్ వైరు చూపించుకోవాలి.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. మధ్యాహ్నం వానకీ అర్ధరాత్రి హైవేకీ లైట్లు వేసినప్పటి ఆ ఒక్క అంకే దిక్కు. అందుకే వానాకాలంలో నేను పగలు 60 పెట్టుకుని, చీకటి పడ్డాక టీ కోసం ఆగినప్పుడు 35కి దించుతాను.