బంగారం తాకట్టు పెట్టి బట్టల లాట్ కొనొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ఆన్‌లైన్‌లో అమ్ముదామని ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్, అంటే విదేశాలకు పంపగా మిగిలిన టాప్స్ 200 కొన్నాను. ఒక్కోటి వంద, రవాణా 1,500. మూడు నెలల్లో 70 టాప్స్ 280 చొప్పున అమ్మాను. ఒక్కోదాని మీద 180 మిగిలింది. ఇప్పుడు బంగారం తాకట్టు పెట్టి 2 లక్షలకు పెద్ద లాట్ తీసుకోవచ్చా? ఆయన జీతం 28,000, ఇంటి ఖర్చు 22,000, బ్యాంకులో 15,000 ఉన్నాయి.

జవాబు: వద్దమ్మా. ఆ 180 దగ్గరే చాలామంది పొరపడతారు. మీరు కొన్నది 70 కాదు, 200. చేతి నుంచి 21,500 వెళ్తే, తిరిగొచ్చింది 19,600. పెట్టుబడే ఇంకా 1,900 రావాలి. లాభమంతా బీరువాలో ఉన్న 130 టాపుల్లోనే ఉంది.

వాటిని పగటిపూట కిటికీ దగ్గర ఒక్కొక్కటీ ఎత్తి చూడండి. వెలుతురులో సూది రంధ్రాలు, నూనె మరకలు, కుట్టు తప్పిన చోట్లు బయటపడతాయి. మంచివి ముందే అమ్ముడుపోయి ఉంటాయి కాబట్టి, 40 మంచివి, 60 చిన్న లోపం ఉన్నవి, 30 పనికిరానివి తేలాయనుకుందాం. మంచివి 280కి, లోపం ఉన్నవి 150కి పోతే వచ్చేది 20,200.

లోపాన్ని దాచి 280కి అమ్మారనుకోండి. అది వెనక్కి వస్తే, రానూపోనూ కొరియర్ మీ నెత్తిన పడుతుంది. అందుకే మరక ఎంతుందో కొనేవాళ్లకు తెలిసేలా, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి. ఎక్స్‌పోర్ట్ సైజులు మన సైజులతో కలవవు, లేబుల్ కత్తిరించి ఉంటే అసలే తెలియదు. టాప్‌ను పరిచి చంక నుంచి చంకకు ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి రాయండి.

ఇక 2 లక్షల సంగతి. అదే ధరకు 2,000 టాప్స్ వస్తాయి. మూడు నెలలకు 70 చొప్పున అమ్మితే, పనికిరానివి తీసేసినా అన్నీ పోవడానికి ఆరేళ్లు! అమ్మకాలు మూడు రెట్లయినా రెండేళ్లు. వడ్డీ మాత్రం నెలనెలా పెరుగుతుంది, కట్టకపోతే నగ వేలానికి పోతుంది. బట్టలు అమ్ముడుపోలేదంటే ఏ బ్యాంకూ వినదు. ఇలాంటి అప్పు గురించి అడిగితే నాకు చిరాకే వస్తుంది.

మీకు ముందు కావాల్సింది అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చంటే 1,32,000. ఉన్నది 15,000. ఆయన ఉద్యోగం పోతే నెల కూడా గడవదు. టాప్స్ మూట ఆస్పత్రి బిల్లు కట్టదు కదా! కాబట్టి వచ్చే 20,200, జీతంలో మిగిలే 6,000 ఆ ఖాతాలోకే వెళ్లాలి. ఆయన పేరిట టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. చీటీ పాడి సరుకు కొనే ఆలోచన ఉంటే, అదీ అప్పే.

ఉన్నవాటిలో 100 అమ్ముడుపోయాకే రెండో లాట్. అదీ 10,000 దాటొద్దు. మీ ఊరి హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలతలో కొన్నా, తిరుప్పూర్ నుంచి తెప్పించినా ఏ సైజు ఎన్ని ఉన్నాయో రాయించుకోండి. మూట విప్పి చూపించనంటే బేరం ఆడకుండా వచ్చేయండి.