కోరపన్ను సంగతి సరే, కింది పళ్ల సందు చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. నాలుగైదు నెలలుగా కింది ముందు పళ్ల దగ్గర చిగుళ్లు ఉబ్బాయి. బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. పైన ఎడమవైపు కోరపన్ను దగ్గర చిగురు పైకి జరిగి, పన్ను పొడుగ్గా, పచ్చగా కనిపిస్తోంది. నొప్పి లేదు. దగ్గర నుంచి తీసిన మూడు ఫొటోలు పంపుతున్నాను. ఇది చిగుళ్ల జబ్బేనా? క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని అంటున్నారు, నిజమేనా?

జవాబు: మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది కోరపన్ను ఫొటో అనుకుంటాను. నాకు మాత్రం అందులో పెద్దగా కంగారుపడాల్సింది కనిపించలేదు. అక్కడ చిగురు సుమారు 2 మిల్లీమీటర్లు పైకి జరిగింది. పచ్చగా కనిపిస్తున్నది పుచ్చు కాదు, బయటపడిన పంటి వేరు. వేరుకు ఎనామెల్ ఉండదు కాబట్టి దాని రంగే అంత. ఆ చోట చిగురు అంచు పలచగా, గట్టిగా పంటిని పట్టుకునే ఉంది. ఎరుపు లేదు, వాపు లేదు. పంటికి అటూ ఇటూ ఉన్న చిగురు మొనలు చెక్కుచెదరలేదు. పైగా పంటి మెడ దగ్గర గొడ్డలితో చిన్న గాటు పెట్టినట్టు ఒక నొక్కు ఉంది. ఇవన్నీ కలిసి కనిపిస్తే గట్టిగా, అడ్డంగా తోమే అలవాటును అనుమానిస్తాం. కుడిచేత్తో తోముకునేవారికి బ్రష్ ఒత్తిడి తరచూ ఎడమవైపు కోరపన్ను మీదే పడుతుంది. పుట్టుకతోనే చిగురు పలచగా ఉన్నవారికి ఇది త్వరగా వస్తుంది.

నేను ఎక్కువసేపు చూసింది రెండో ఫొటో, అంటే కింది ముందు పళ్లది. చాలామంది చిగుళ్ల రంగు చూసి భయపడతారు. కొందరికి చిగుళ్లు సహజంగానే గోధుమ రంగులో, మచ్చలు మచ్చలుగా ఉంటాయి. అది జబ్బు కాదు. రంగు కన్నా ఆకారం నమ్మదగినది. ఆరోగ్యంగా ఉన్న చిగురు పంటి దగ్గరికి వచ్చేసరికి పలచబడి అతుక్కుని ఉంటుంది. రెండు పళ్ల మధ్య సన్నని మొనలా లేచి సందును నింపుతుంది. మీ ఫొటోలో అంచు చాప చుట్టినట్టు గుండ్రంగా ఉబ్బి నున్నగా మెరుస్తోంది. మొనలు బొద్దుగా అయ్యాయి. వీటికి రక్తం తోడైతే చిగుళ్ల వాపు, అంటే జింజివైటిస్ ఉన్నట్టే. అంతవరకు నాకు అనుమానం లేదు.

నన్ను ఆపింది మరొకటి. మధ్యలోని రెండు పళ్ల నడుమ చిగురు మొన కుంగి, పైన చిన్న నల్లటి ముక్కోణపు ఖాళీ కనిపిస్తోంది. బ్రష్ ఒరిపిడికి చిగురు పంటి ముందు భాగంలో జరుగుతుంది కానీ సందులోని మొన అలా కుంగదు. సందులో మొన తగ్గిందంటే దాని కింద ఎముక కూడా తగ్గి ఉండవచ్చు. ఎముక తరగడం మొదలైతే అది జింజివైటిస్ దశ దాటి పెరియోడాంటైటిస్ అవుతుంది. అయితే కొందరి పళ్ల ఆకారం వల్ల మొదటి నుంచీ అక్కడ ఖాళీ ఉంటుంది. మూడు నాలుగేళ్ల కిందటి ఫొటోల్లో కింది పళ్లు కనిపించేలా నవ్వింది ఒకటి వెతకండి. అప్పుడు లేని ఖాళీ ఇప్పుడు ఉంటే నా అనుమానానికి బలం వచ్చినట్టే.

మూడో ఫొటో కొంచెం మసకగా ఉన్నా, కింది పళ్ల వెనుక పచ్చటి, గోధుమ రంగు గార పెచ్చు తెలుస్తోంది. నాలుక కింద లాలాజలం ఊరే చోటు అదే కాబట్టి అందులోని ఖనిజాలు పాచి మీద పేరుకుని రాయిలా గట్టిపడతాయి. బ్రష్‌తో అది పోదు.

ఎంత బాగా తీసినా ఫొటోలో చిగురు, పంటి మధ్య లోతు కనిపించదు. దాన్ని ప్రోబ్ అనే గీతలున్న సన్నటి పరికరంతో కొలవాల్సిందే. 3 మిల్లీమీటర్ల వరకు లోతు మామూలే. కానీ ఆ ఒక్క అంకె చూసి నిర్ణయించలేం. పంటి మీద చిగురు పట్టు ఎంత పోయిందో ఎనామెల్ ముగిసే గీత నుంచి లెక్క వేయాలి. మీ కోరపన్ను దగ్గర ప్రోబ్ 1 దిగిందనుకుందాం. జరిగిన 2 కలిపితే 3 మిల్లీమీటర్ల పట్టు పోయినట్టు. కింది పళ్ల సందులో ప్రోబ్ 5 దిగి, వాచిన చిగురు ఆ గీత కన్నా 2 పైకి లేచి ఉంటే, 5లోంచి 2 తీసేయాలి. అక్కడా పోయిన పట్టు 3 మిల్లీమీటర్లే. పైచోట జరిగింది అద్దంలో తెలుస్తోంది, కిందిచోట వాపు దాచేసింది. ఇంకోలా, ప్రోబ్ 4 దిగినా చిగురు అంతే మేర ఉబ్బి ఉంటే పట్టు ఏమీ పోనట్టే, వాపు తగ్గితే లోతూ తగ్గిపోతుంది. పక్కపక్కన లేని కనీసం రెండు పళ్ల సందుల్లో ఇలా పట్టు పోయి ఉండి, దానికి వేరే కారణం కనిపించకపోతే పెరియోడాంటైటిస్ అంటాం. ఎముక ఎంత తగ్గిందో ఎక్స్‌రే చూపిస్తుంది.

ఇక క్లీనింగ్ భయం. గార తీస్తే పళ్లు వదులు కావు. వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది కాబట్టి, అప్పటికే పోయినది అప్పుడు కంటికి కనిపిస్తుంది. పళ్లు పొడుగైనట్టు, సందులు పెరిగినట్టు ఉంటాయి, కొన్నాళ్లు జివ్వుమంటాయి. ఎముక బాగా తగ్గిన పళ్లను గారే ఒకదానికొకటి పట్టి ఉంచుతుంటే, అది తీశాక కదలిక తెలియవచ్చు. ఆ వదులు ముందునుంచీ ఉన్నదే. లోతు ఎక్కువ ఉన్న చోట్ల మత్తు ఇచ్చి వేరు మీది గారను కూడా తీసి, సుమారు 3 నెలలకు మళ్లీ కొలుస్తారు. అయితే కుంగిన మొన, జరిగిన చిగురు వాటంతట అవి తిరిగి పెరగవు.

ఇంట్లో మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, కొద్దికొద్దిగా కదపండి. సందులకు సరిపోయే ఇంటర్‌డెంటల్ బ్రష్ సైజు డాక్టరే చూసి చెప్పాలి. మొదట్లో రక్తం వస్తే మానేయకండి. రక్తం వస్తోందని ఆ చోటు వదిలేసేవాళ్లే ఎక్కువ, పాచి అక్కడే పేరుకుంటుంది. గార తీయించి రోజూ శుభ్రం చేస్తే ఒకటి రెండు వారాల్లో రక్తం బాగా తగ్గాలి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ లోతైన చోట్లకు చేరదు. రెండు వారాలు దాటి వాడితే పళ్లకు గోధుమ మరకలు పడవచ్చు.

మీ ఉత్తరంలో లేనివి కొన్ని డాక్టరుకు చెప్పండి. పొగ తాగేవారికి జబ్బు ఉన్నా రక్తం తక్కువగా వస్తుంది. ఈ మధ్య షుగర్ పరీక్ష చేయించకపోతే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే దాని వల్ల కూడా కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. ముట్టుకోకుండానే రక్తం కారడం, ఒంటి మీద కమిలిన మచ్చలు, నీరసం ఉంటే ముందు రక్తపరీక్ష చేయించాలి. చీము, జ్వరం, బుగ్గ వాపు వస్తే ఆ రోజే వెళ్లండి. ఇవేవీ లేకపోతే ఒకటి రెండు వారాల్లో చిగుళ్ల నిపుణుడైన పెరియోడాంటిస్టును కలవండి.

క్లీనింగ్ అయిన 3 నెలలకు ఇదే వెలుతురులో మళ్లీ ఫొటోలు తీసి పంపండి. వాటితో పాటు రెండుసార్లు కొలిచిన అంకెల చార్టు కూడా జతచేయండి, నేను ముందు దాన్నే చూస్తాను.